తెల్ల లినెన్ చొక్కా, నాలుగు రకాల మరకలు: ఉతికే ముందు దేనికి ఏం చేయాలి?

శ్రావణి_నిజాంపేట
రాత్రి మా ఆయన ఆఫీసు వాళ్ల పార్టీకి వెళ్లొచ్చాం. తెల్ల లినెన్ చొక్కా, కొత్తది. ఇప్పుడు దాని మీద ఏమేం ఉన్నాయో చెప్తాను. కాలర్ అంచున రక్తం, కోటుకి పువ్వు పెట్టుకుంటుంటే పిన్ను వేలికి గుచ్చుకుంది, అదే వేలితో కాలర్ సర్దుకున్నారు. కుడి కఫ్ మీద బిర్యానీ నూనె. ఎడమ భుజం మీద లిప్‌స్టిక్. పొట్ట దగ్గర అరచేయంత రెడ్ వైన్, పక్కనున్నాయన గ్లాసు ఒలికింది. వైన్‌ని అక్కడే టిష్యూతో అద్దాం, అంతే. ఇంకెక్కడా నీళ్లు తగల్లేదు.

అత్తయ్యేమో బకెట్లో వేడినీళ్లు పోసి సోడా వేసి నానబెట్టెయ్, అన్నీ ఒకేసారి పోతాయి అంటున్నారు. నెట్‌లో చూస్తే ఒక మరకకి చేయమన్నది ఇంకో మరకకి చేయొద్దంటున్నారు. నాలుగూ ఒకే చొక్కా మీద ఉన్నప్పుడు ముందు దేన్ని ముట్టుకోవాలి?

బావిగట్టు
భుజం మీద లిప్‌స్టిక్ సంగతి ముందు ఇంట్లో తేలిందా, లేక ఇక్కడ తేల్చమంటారా?

శ్రావణి_నిజాంపేట
నాదే బాబూ. కార్లో నిద్రొచ్చి ఆయన భుజం మీద వాలాను. కేసు కొట్టేశారు.

ఉప్పుకారం
దీనికి ఇంత ఆలోచన దేనికండీ. ఉప్పు. వైన్ మీద పిడికెడు ఉప్పు గుమ్మరించండి, పీల్చేస్తుంది. రక్తానికి ఉప్పునీళ్లు. నూనెకి ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి రుద్దండి. చివర్లో వైన్ మీద మరిగే నీళ్లు పై నుంచి ధారగా పోస్తే మిగిలిన రంగు దిగిపోతుంది. మా నాయనమ్మ నేరేడు పళ్ల మరకలకి ఇదే చేసేది, ధోవతులు మల్లెపువ్వుల్లా వచ్చేవి.

డల్లాస్_వదిన
మరిగే నీళ్లా? రక్తం ఉన్న చొక్కా మీదా??

చలవబట్టలు_బెజవాడ
శ్రావణమ్మా, ఆ బకెట్ పక్కన పెట్టించు. ఆ ఒక్కటి జరగకపోతే మిగతాది సర్దుకోవచ్చు. రక్తానికి వేడి తగిలితే కోడిగుడ్డు తెల్లసొనలాగా గట్టిపడి దారంలోనే కూర్చుండిపోతుంది. తర్వాత మా షాపుకి తెచ్చినా మేం చేసేది తక్కువే.

ఉప్పుకారం గారు చెప్పిన మరుగునీళ్ల ధార ఉత్త మాట కాదు. తెల్ల నూలు గుడ్డని గిన్నె మీద బిగించి పండ్ల మరకల మీద పోయడం పాత పద్ధతే, పనిచేస్తుంది కూడా. కానీ ఇక్కడ అదే చొక్కా కాలర్ మీద రక్తం ఉంది, భుజం మీద మైనం ఉంది. ఒకదానికి మందు ఇంకోదానికి విషం.

షాపులో మాకు బట్ట రాగానే మొదట చూసేది ఆ మరక నీళ్ల జాతా జిడ్డు జాతా అని. రక్తం, వైన్ నీళ్ల జాతి, వాటికి చల్లనీళ్లతో మొదలు. నూనె, లిప్‌స్టిక్ జిడ్డు జాతి, వాటికి పొడి బట్ట మీదే పని మొదలవ్వాలి. తడిసిపోయిన బట్టలోకి పౌడరూ పనిచేయదు, స్పిరిట్టూ సరిగ్గా దిగదు. నీ చొక్కా ఇంకా పొడిగా ఉంది కాబట్టి ముందు జిడ్డు రెండూ చూడు. నీళ్లు తర్వాత.

శ్రావణి_నిజాంపేట
బకెట్ పక్కన పెట్టించాను. అత్తయ్య మొహం మాడ్చుకున్నారు. కఫ్ మీద పౌడర్ అంటే మామూలు టాల్కం పౌడరేనా?

చలవబట్టలు_బెజవాడ
అదే. లేకపోతే తెల్ల చాక్‌పీస్ నూరినా సరే, మొక్కజొన్న పిండైనా సరే. శనగపిండి మాత్రం వద్దు, దానికే రంగుంది. కఫ్‌ని బల్ల మీద పరిచి మరక కనిపించనంత మందంగా పొయ్యి, రుద్దకుండా వేలితో కాస్త అదిమి వదిలెయ్. అరగంట తర్వాత మెత్తటి బ్రష్‌తో దులుపు. పౌడర్ ముద్దగా, పసుపుగా వచ్చిందంటే నూనె లాగిందన్నమాట. ఇంకోసారి పొయ్యి. పొడిపొడిగా రాలితే ఇక దాని పని అయిపోయింది.

ఆ అరగంటలో లిప్‌స్టిక్ చూసుకో.

హాస్టల్_పోరడు
విభూది పనిచేస్తదా అన్నా? రూమ్‌లో గదొక్కటే ఉంది.

బావిగట్టు
మరక పోకపోయినా పుణ్యం వస్తుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
లిప్‌స్టిక్‌కి సర్జికల్ స్పిరిట్ వాడతారు కదా, దాని గురించి ఒక మాట. నాది హాస్పిటల్ ఉద్యోగం, రక్తం మరకలతోనే నా బతుకు. స్పిరిట్ రక్తానికి తగలనీయకండి. వేడి ఎంత చెడో స్పిరిట్ కూడా రక్తానికి అంతే, గడ్డకట్టించేస్తుంది. కొందరు హడావిడిలో శానిటైజర్ పెట్టి రుద్దేస్తారు, అందులో ఉన్నదీ అదే. శ్రావణి గారి చొక్కాకి కాలర్ ఒకచోట, భుజం ఇంకోచోట, మధ్యలో బెత్తెడు కూడా ఉండదు. స్పిరిట్ పోసేస్తే పాకుతుంది. దూదితో అద్దండి.

చలవబట్టలు_బెజవాడ
సిస్టర్ గారు చెప్పింది ముమ్మాటికీ నిజం. నేను చెప్పాల్సింది ఆవిడ చెప్పేశారు.

లిప్‌స్టిక్ అంటే మైనం, నూనె, వాటిలో నానిన రంగు. మనం నీళ్లు పోసి రుద్దితే మైనం అలాగే ఉంటుంది, రంగు మాత్రం చుట్టూ పాకుతుంది. కాబట్టి ముందు పైపైన ఉన్న ముద్దని చెంచా అంచుతో గీకి తీసెయ్. తర్వాత చొక్కాని తిరగేసి, మరక ఉన్న వైపు కిందకి వచ్చేలా మడత పెట్టిన తెల్ల గుడ్డ మీద బోర్లా వెయ్యి. వెనక నుంచి స్పిరిట్ దూదితో అద్దు. అంచు నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి అంచుకి వెళ్తే మరక పెద్దదవుతుంది. కింద గుడ్డకి ఎర్రగా దిగుతుంటే పని జరుగుతోందని అర్థం. కింద గుడ్డని జరుపుతూ ఉండు, లేకపోతే దిగిన రంగే మళ్లీ పైకి ఎక్కుతుంది. ఇక గుడ్డకి రంగు అంటుకోవట్లేదు అన్నప్పుడు ఆపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి వేలితో మెల్లగా పులిమి వదిలెయ్. మైనం మిగిలి ఉంటే అది చూసుకుంటుంది.

స్టవ్ ఆపి, కిటికీ తీసి చెయ్యి. స్పిరిట్ మంటకి అందుకుంటుంది.

డల్లాస్_వదిన
రంగు బట్టలైతే స్పిరిట్ బట్ట రంగుని కూడా లాగుతుంది. లోపల కుట్టు మడత మీద ఒక చుక్క వేసి తెల్ల గుడ్డతో అద్ది చూసుకోవాలి. తెల్ల లినెన్‌కి ఆ బాధ లేదు గానీ ఇది చదివి ఎవరైనా మెరూన్ కుర్తా మీద పోసుకుంటారు.

నాకు తగిలిన దెబ్బ వేరు. ఇక్కడ డ్రయర్లు కదా. పాప జేబులో లిప్ బామ్ మర్చిపోయింది, వాషర్లో పెద్దగా కనపడలేదు, డ్రయర్లో కరిగి బుట్టెడు బట్టలకి చుక్కలు చుక్కలుగా అంటుకుంది. తడి మీద నూనె మరక కనపడదు, అదే చిక్కు. అప్పట్నుంచి మరక ఉన్న బట్ట ఏదైనా డ్రయర్లో వేయను, గాలికి ఆరేసి చూశాకే.

శ్రావణి_నిజాంపేట
నాది మ్యాట్ లిక్విడ్ లిప్‌స్టిక్. రోజంతా పోదని రాసి ఉంటుంది చూడండి, అది. దానికీ ఇదేనా?

డల్లాస్_వదిన
అది మొండిది. పెదాల మీదే నీళ్లకి పోదు కదా. నువ్వు మొహానికి దేంతో తుడుస్తావో, నూనె ఉండే మేకప్ రిమూవర్, దాంతో మొదలుపెట్టు. అది పొరని ఊడదీస్తుంది. తర్వాత స్పిరిట్, ఆ తర్వాత గిన్నెల లిక్విడ్. లిక్విడ్ మాత్రం మానొద్దు, లేకపోతే రిమూవర్ నూనె ఇంకో మరకై కూర్చుంటుంది.

చలవబట్టలు_బెజవాడ
నేనైతే స్పిరిట్‌తోనే మొదలుపెట్టి, కదలకపోతే రిమూవర్ జోలికి వెళ్తాను. నూనె మీద ఇంకో నూనె పోయడం చివరి ఉపాయం నాకు. వదిన గారి దారి కూడా తప్పు కాదు.

పట్టుచీర_పిచ్చి
నాకూ సేమ్ ప్రాబ్లమ్! కంచి పట్టుచీర, లేత గులాబీ, పెద్ద జరీ అంచు. అంచు మీద పప్పుచారు, కొంగు మీద లిప్‌స్టిక్. అంటే పైన చెప్పినట్టు స్పిరిట్ కొట్టి వెనిగర్ నీళ్లలో నానబెట్టి ఎంజైమ్ పౌడర్ వేస్తే సరిపోతుందా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
వెనిగర్ గురించి గానీ ఎంజైమ్ గురించి గానీ ఇంకా ఎవరూ చెప్పనే లేదు కదండీ 😄

పట్టుచీర_పిచ్చి
వేరే చోట చదివాను. అన్నీ కలిసిపోయాయి.

చలవబట్టలు_బెజవాడ
అమ్మా, దయచేసి ఆగండి. పట్టుకి ఏదీ నానబెట్టొద్దు. ఎంజైమ్ పౌడర్‌లో ఉండేది మాంసకృత్తుల్ని కొరికే సరుకు. రక్తం అదే జాతి కాబట్టి దాన్ని కొరుకుతుంది. పట్టూ, ఉన్నీ కూడా అదే జాతి, వాటినీ కొరుకుతుంది. ఒక్కసారికే చిరిగిపోదు, కానీ మెరుపు చచ్చి దారం బలహీనపడుతుంది. జరీకి ఉప్పు, వెనిగర్, నిమ్మ తగిలితే నల్లబడుతుంది. పప్పుచారు మీద పౌడర్ పోసి దులిపి, రెండు మరకల దగ్గరా దారంతో చిన్న ముడి కుట్టి, డ్రై క్లీనింగ్‌కి ఇస్తూ "ఇది పప్పుచారు, ఇది లిప్‌స్టిక్" అని నోటితో చెప్పండి. చెప్పకపోతే మేం ఊహించాలి, ఊహ తప్పితే చీరే పోతుంది.

మగ్గంవర్క్_మణి
రక్తం గురించి మా లైన్లో మాట చెప్తా. మగ్గం మీద రోజూ సూది గుచ్చుకుంటది. తెల్ల నెట్ మీదో, క్రీమ్ పట్టు మీదో చుక్క పడితే వెంటనే నోట్లో దారం నమిలి ఆ తడి ఉండతో అద్దేస్తం. సొంత ఉమ్మితో సొంత రక్తం పోతది. ఆరిందంటే మాత్రం పోదు, అప్పుడు చల్లనీళ్లే.

హాస్టల్_పోరడు
వాక్ 🤢 పెళ్లి జాకెట్ల మీద మీ ఉమ్మి ఉంటదా అక్కా?

మగ్గంవర్క్_మణి
రక్తం ఉండటం కంటే నయం కాదా తమ్ముడూ.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చిన్న చుక్కకి అది నిజంగానే పోతుంది, నేనూ చూశాను. శ్రావణి గారి కాలర్ మీదది రాత్రిది, ఆరిపోయింది. దాని కోసం ఏం చేయాలంటే:

కాలర్ ఒక్కటే పట్టేలా చిన్న గిన్నెలో చల్లనీళ్లు, మిగతా చొక్కా బయటే ఉండాలి. నీళ్లు ఎర్రగా మారితే మార్చండి. ఉప్పుకారం గారి ఉప్పు ఇక్కడ ఒక చెంచా వేస్తే తప్పు లేదు, ఆస్పత్రి లాండ్రీలో వేయరు గానీ ఇళ్లలో అందరూ వేస్తారు. గట్టిగా రుద్దొద్దు, లినెన్ నూగు లేస్తుంది. ఇక ఎరుపు దిగడం లేదు, గోధుమ రంగు నీడ మాత్రం ఉంది అనిపించినప్పుడు ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్‌ని, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చల్లనీళ్లలోనే కలిపి గంటో రెండు గంటలో నాననివ్వండి. ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇది తెలిసిన విషయమే, ఎవరూ పైకి చెప్పుకోరు అంతే. నెలసరి బట్టలు పొద్దున్నే చల్లనీళ్లలో పడేసే అలవాటు ఉన్నవాళ్లకి ఈ పోస్టు అక్కర్లేదు.

అప్పటికీ నీడ ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. తెల్ల బట్టకి మాత్రమే ధైర్యంగా.

డల్లాస్_వదిన
సిస్టర్ గారూ, ఇండియాలో మెడికల్ షాపులో దొరికేది ఎక్కువగా 6 శాతం ఉంటుంది కదా, 20 వాల్యూమ్ అని రాసి. ఇక్కడ సీసాల మీద 3 శాతం. అమెరికా వీడియో చూసి కొలతలు వేసుకునేవాళ్లు చూసుకోవాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
కరెక్ట్. 6 శాతం ఉంటే సగానికి సగం నీళ్లు కలపండి. రక్తం మీద వేయగానే బుసబుసా నురగ వస్తుంది, భయపడొద్దు, రక్తంలో ఉన్నదే దాన్ని విడగొడుతుంది. అందుకే రక్తం మీద ఎక్కువసేపు దాని బలం నిలవదు. నురగ ఆగగానే తుడిచి, అవసరమైతే ఇంకో విడత. తర్వాత నీళ్లతో బాగా జాడించాలి.

హాస్టల్_పోరడు
ఇంత కథ ఎందుకు, తెల్ల చొక్కానే కదా. బ్లీచింగ్ లిక్విడ్ ఒక మూత, వెనిగర్ ఒక మూత, అన్నీ కలిపి కొడితే తెల్లగైతది. మా ఫ్లోర్‌ల ఒకడు చేసిండు, వీడియో కూడా ఉంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
బాబూ ఆ రెండూ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బాత్రూమ్ తలుపేసుకుని చేస్తే ఎమర్జెన్సీకి రావాల్సిందే. వెనిగర్ ఒక్కటే కాదు, నిమ్మరసం, టాయిలెట్ క్లీనర్లోని యాసిడ్, అమ్మోనియా, ఏదీ బ్లీచ్‌తో కలపకూడదు. నవ్వుకునే విషయం కాదిది, మీ ఫ్లోర్ అతనికి కూడా చెప్పండి.

హాస్టల్_పోరడు
సరే సిస్టర్. చెప్తా.

చలవబట్టలు_బెజవాడ
బ్లీచ్ విడిగా వేసినా రక్తం మీద వద్దు, పసుపు నీడ పడుతుంది. ముందు మరక తీయాలి, తెలుపు చేయడం ఆఖరి పని.

శ్రావణి_నిజాంపేట
ఇప్పటిదాకా జరిగింది: కఫ్ మీద రెండుసార్లు పౌడర్ పోశాను, మొదటిసారి పచ్చగా ముద్దొచ్చింది, రెండోసారి పొడిగా రాలింది. లిప్‌స్టిక్ స్పిరిట్‌కి కొంచెం కదిలి ఆగిపోతే రిమూవర్ వేశాను, అప్పుడు కింద గుడ్డంతా మెరూన్. లిక్విడ్ వేసి ఉంచాను. కాలర్ ఇప్పుడు గిన్నెలో ఉంది.

అసలు గొడవ వైన్. నేను కాలర్ పనిలో ఉండగా అత్తయ్య వచ్చి "దీనికి సబ్బు రుద్దితే పోయేదానికి..." అని నీళ్లు చల్లి బట్టల సబ్బు పెట్టి ఒక్క రుద్దు రుద్దారు. ఎర్రటి మరక బూడిద కలిసిన నీలం అయిపోయింది! ఇంక పోదా?

ఉప్పుకారం
ఉప్పు వేసుంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు.

చలవబట్టలు_బెజవాడ
కంగారు పడకమ్మా, అది మరక ముదిరినట్టు కాదు. వైన్‌లో ఉండే రంగూ నేరేడు పండులో ఉండే రంగూ ఒకే కుటుంబం. పులుపు తగిలితే ఎరుపు, సబ్బు క్షారం తగిలితే నీలం. ఇప్పుడు తిరిగి వెనక్కి తెచ్చుకోవచ్చు. గ్లాసు చల్లనీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి మరక మీద అద్దు. కళ్లముందే మళ్లీ గులాబీ రంగులోకి వస్తుంది. రాకపోతే సబ్బు ఇంకా ఉందని, ఇంకొంచెం నీళ్లతో జాడించి మళ్లీ వెయ్యి.

బట్టల సబ్బు బిళ్ల వైన్‌కీ, టీకీ, పండ్లకీ మొదట వాడకూడదు. ఆ మరకల్లో ఉండే వగరు పదార్థాన్ని సబ్బు పట్టి ఉంచుతుంది, పోయే మరక కాస్తా మొండిది అవుతుంది. డిటర్జెంట్ లిక్విడ్ అయితే పర్లేదు.

గులాబీకి వచ్చాక వెనిగర్‌ని నీళ్లతో కడిగేసెయ్. అప్పుడు 3 శాతానికి పలచన చేసిన పెరాక్సైడ్ రెండు పాళ్లు, గిన్నెల లిక్విడ్ ఒక పాలు, అప్పటికప్పుడు కలిపి మరక మీద పొయ్యి. ఇరవై నిమిషాలు, అరగంట నీడలో ఉంచి చూడు. మిగిలిన కలుపు సీసాలో పోసి మూత బిగించి దాచకు, గాలి పట్టి పగులుతుంది. పారబొయ్యి.

బావిగట్టు
అత్తాకోడళ్ల మధ్య ఇంత రసాయన యుద్ధం ఏ సీరియల్‌లోనూ చూడలేదు.

శ్రావణి_నిజాంపేట
వెనిగర్ పోయగానే నిజంగానే గులాబీ రంగు వచ్చింది. అత్తయ్య ఇప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఇంకోసారి పొయ్యమంటున్నారు చూద్దామని. పెరాక్సైడ్ కొనుక్కురమ్మని ఆయన్ని పంపాను.

ఉప్పుకారం
ఒలికిన వెంటనే ఉప్పు వేస్తే వైన్ పీలుస్తుందని అందరికీ తెలిసిందే. దాన్ని మీరెవరూ ఒప్పుకోవట్లేదేం?

చలవబట్టలు_బెజవాడ
తడిగా ఉన్నప్పుడు పీలుస్తుంది, కాదనను. టిష్యూ కూడా పీలుస్తుంది, ఇంకా త్వరగా. ఆరిన వైన్ మీద ఉప్పు పోస్తే ఏం పీలుస్తుంది? పైగా పార్టీలో తివాచీ మీద పోశారనుకోండి, ఆ తేమ, ఆ గరుకు, దులపలేక చావాలి.

డల్లాస్_వదిన
ఇక్కడ రెడ్ వైన్ ఒలికితే వైట్ వైన్ పోయమంటారు, సోడా నీళ్లు పోయమంటారు. రెండూ చేసి చూశా. మామూలు చల్లనీళ్లు చేసిన పనే చేశాయి, ఖర్చు ఎక్కువ.

ఉప్పుకారం
నేను పందెం. మా చెట్టు నేరేడు పళ్లు ఉన్నాయి. పాత బనీన్ గుడ్డ మూడు ముక్కలు చేసి, ఒకదానికి ఉప్పు, ఒకదానికి టిష్యూ, ఒకదానికి ఏమీ లేకుండా. సాయంత్రం చెప్తా.

పట్టుచీర_పిచ్చి
నా చీర పప్పుచారులో పసుపు కూడా ఉంది కదా, అది డ్రై క్లీనింగ్‌లో పోతుందా? వాళ్లకి నూనె అని చెప్పాలా పసుపు అని చెప్పాలా?

చలవబట్టలు_బెజవాడ
పప్పుచారు అనే చెప్పండి. మా చెవికి ఆ ఒక్క మాటలో నూనే, పసుపూ, చింతపండూ అన్నీ వినిపిస్తాయి. పసుపు పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను.

శ్రావణి_నిజాంపేట
నాకూ ఆ పసుపే. కఫ్ మీద లిక్విడ్ వేసి పావుగంట ఉంచి, కఫ్ ఒక్కటే మగ్గులో గోరువెచ్చని నీళ్లలో జాడించాను. నూనె పోయింది అనుకుంటున్నా గానీ లేత పసుపు నీడ ఉంది. పోయిందో లేదో ఎలా తెలుస్తుంది, తడిగా ఉంటే అంతా ఒకేలా ఉంది.

చలవబట్టలు_బెజవాడ
టవల్‌తో అద్ది ఫ్యాన్ కింద ఆరనివ్వు. పూర్తిగా ఆరాక ఆ చోట ఒక నీటి చుక్క వేలితో వదులు. టక్కున ఇంకిపోతే నూనె లేదు. ముత్యంలా నిలబడితే ఇంకా ఉంది, మళ్లీ లిక్విడ్. ఆరనివ్వకుండా ఉతికి ఇస్త్రీ చేశావా, ఆ కనపడని నూనె పెట్టె వేడికి పచ్చగా కాలి పట్టేస్తుంది.

పసుపు నీడకి ఏమీ పెట్టకు. మిగతా మూడూ పోయాయని తేలాక, మొత్తం ఉతికాక, ఎండలో వెయ్యి. పసుపు ఎండకి ఆగదు. ముందే ఎండలో వేస్తే మాత్రం కాలర్ మీద రక్తం నీడ ఏమైనా ఉంటే ముదురుతుంది.

మగ్గంవర్క్_మణి
తెల్ల లెహంగాల మీద పసుపు ఫంక్షన్ మరకలకి మేం చేసేదీ ఎండే. రెండు మూడు మధ్యాహ్నాలు పట్టొచ్చు.

డల్లాస్_వదిన
మా అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వరు. ఎండ కోసం కార్ డాష్‌బోర్డ్ మీద పరిచాను ఒకసారి. పసుపు పోయింది, కారంతా పోపు వాసన.

శ్రావణి_నిజాంపేట
సాయంత్రం రిపోర్ట్. కఫ్ మీద చుక్క ఇంకిపోయింది. లిప్‌స్టిక్ లేదు, వెతికినా లేదు. కాలర్ ఎంజైమ్‌లో రెండు గంటలు నాని, ఒక విడత పెరాక్సైడ్ తర్వాత పోయింది. వైన్ పెరాక్సైడ్ కలుపుకి చాలా తగ్గింది, కానీ వెలుతురుకి ఎత్తి చూస్తే అంచు గీత లేతగా కనిపిస్తోంది, మధ్యలో ఏమీ లేదు. ఇంకోసారి వేయనా, ఉతికేయనా?

చలవబట్టలు_బెజవాడ
అంచు గీత అంటే రంగు నీళ్లతో పాటు పక్కకి పాకి అక్కడ ఆగిందన్నమాట, టిష్యూతో మధ్యలో గట్టిగా అద్దినప్పుడు ఇలా అవుతుంది. తెల్ల లినెన్ కాబట్టి ఇంకో విడత తట్టుకుంటుంది. ఈసారి గీత మీద మాత్రమే వెయ్యి, బయటి నుంచి లోపలికి. దానికీ పోకపోతే మామూలు నీళ్లలో డిటర్జెంట్‌తో ఉతికి ఆరేసి చూడు, ఇస్త్రీ మాత్రం చేయొద్దు. అప్పటికీ ఉంటే పట్టుకురా, నాకు ఇంకో రెండు మందులున్నాయి, ఇళ్లలో వాడేవి కావు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నాకైతే ఇక ఉతికేయమనిపిస్తుంది. పెరాక్సైడ్ విడత విడతకీ దారం కాస్త అరుగుతుంది. లేత గీత కోటు కింద ఎవరికి కనపడుతుంది.

చలవబట్టలు_బెజవాడ
సిస్టర్ గారూ, హైదరాబాద్‌లో రోజూ కోటు ఎవరేసుకుంటారు?

బావిగట్టు
ఆ గీత మీద జేబు కుట్టించెయ్యండి.

ఉప్పుకారం
నేరేడు పందెం ఫలితం. తడిగా ఉన్నప్పుడే ఉప్పు పోసిన ముక్క, ఏమీ చేయని ముక్క కంటే స్పష్టంగా లేతగా ఉంది. ఫొటో కూడా తీశాను. టిష్యూ అద్దిన ముక్కా అంతే లేతగా ఉంది, అది వేరే సంగతి. ఆరిన మరక మీద కూడా ఒకటి వేసి చూశా, దాని మీద ఉప్పు ఉప్పులాగే ఉంది. కానీ నాది కాటన్ బనీన్, వాళ్లది లినెన్, నాది నేరేడు, వాళ్లది వైన్. కాబట్టి నేను ఒప్పుకోను.